రంగులరాట్నం షాట్ పోయింది... సినిమా బతికింది!

ఎవాంగెలియన్ చూసినవాళ్లకి ఆ లిఫ్ట్ సీన్ గుర్తుండే ఉంటుంది. 22వ ఎపిసోడ్. అసుకా, రేయ్ లిఫ్ట్‌లో నిలబడి ఉంటారు. మాట లేదు, కదలిక లేదు, లిఫ్ట్ మోత తప్ప ఏమీ వినపడదు. దాదాపు 50 సెకన్లు అలాగే ఉంటుంది. 1995-96లో ఆ సిరీస్ టీవీలో వస్తున్నప్పుడు చివరికొచ్చేసరికి టీమ్‌కి టైమ్ చాలక నానా తంటాలు పడింది. ఒకే బొమ్మని అంతసేపు నిలబెడితే గీయాల్సింది దాదాపు ఏమీ ఉండదు. కానీ చూసేవాళ్లకి అది పొదుపులా అనిపించదు. ఈ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఎంత పడదో ఆ నిశ్శబ్దమే చెప్పేస్తుంది.

అదే బొమ్మని ఒక ఫైట్ మధ్యలో ఆపి ఉంటే? నవ్వుకునేవాళ్లం. అంటే ఆపడం కాదు, ఎక్కడ ఆపారన్నదే అసలు సంగతి. యానిమేషన్ ప్రాజెక్టు వెనకబడినప్పుడు ఏ షాట్ ఉంచాలి, ఏది తేలిక చేయాలి, ఏది పాతదే వాడాలి, ఏది తీసేయాలి అనే తలనొప్పి అంతా ఈ ‘ఎక్కడ’ చుట్టూనే తిరుగుతుంది. ఊరికే చెబితే అర్థం కాదు కాబట్టి ఒక చిన్న సినిమా ఊహించుకుని లెక్క వేసి చూద్దాం.

తాత, మనవడు, జాతర

కాలేజీ ఫైనల్ ప్రాజెక్టు అనుకోండి. త్రీడీలో మూడు నిమిషాల సినిమా, అంటే 180 సెకన్లు. జాతరలో మనవడు తాత చెయ్యి వదిలేసి తప్పిపోతాడు. భయపడి చేతిలోని బూర ఊదుతాడు. ఆ మోత పట్టుకుని తాత వెతుక్కుంటూ వస్తాడు. ఇంతే కథ. ఇద్దరు యానిమేటర్లు, 15 వారాలు. వారానికి ఇద్దరూ కలిసి 12 సెకన్లు చేస్తే సరిగ్గా సరిపోతుందని ప్లాన్.

ఎనిమిదో వారం చివర ‘ఎంతవరకు వచ్చింది?’ అని అడిగితే ‘సగం పైనే అయిపోయింది’ అంటారు. ఈ మాట నమ్మకూడదు. ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. కాకపోతే బ్లాకింగ్ అయిన షాట్ కూడా వాళ్ల కంటికి ‘దాదాపు అయిపోయినట్టే’ కనిపిస్తుంది. బ్లాకింగ్ అంటే ముఖ్యమైన భంగిమలు మాత్రమే పెట్టడం. ఆ తర్వాత కదలికని నునుపు చేయడానికి, వేళ్లు, కళ్లు సరిదిద్దడానికి పట్టే టైమే ఎక్కువ. కాబట్టి డైరెక్టర్ ఓకే చేసి, ఇక ముట్టుకోనక్కర్లేని షాట్లనే లెక్కపెట్టాలి. మన సినిమాలో అలా లెక్కపెడితే తేలింది 56 సెకన్లు. అంటే వారానికి 7.

ఇంకా 124 సెకన్లు మిగిలాయి. ఏడు వారాలుంది. ఒక వారం జ్వరాలకీ, కరెంటు పోవడాలకీ, కంప్యూటర్ మొరాయించడాలకీ పక్కన పెడదాం. మిగిలిన ఆరు వారాల్లో వారానికి 7 చొప్పున 42 సెకన్ల పని అవుతుంది. 124 ఎక్కడ, 42 ఎక్కడ?

‘రాత్రుళ్లు కూర్చుందాం, స్పీడ్ పెంచుదాం’ అనేది మొదటి ఆలోచన. ఎనిమిది వారాలుగా 7 దాటని వేగం రేపటి నుంచి మూడింతలు అవుతుందని నమ్మడానికి కారణమేమీ లేదు. రెండో ఆలోచన ఇంకా ప్రమాదం: ‘అన్ని షాట్లలోనూ క్వాలిటీ కొంచెం కొంచెం తగ్గిద్దాం.’ మజ్జిగలో నీళ్లు పోస్తూ పోతే చివరికి గ్లాసులో నీళ్లే మిగులుతాయి. చెయ్యి విడిపోయే షాటూ, వెనక బెలూన్లు ఊగే షాటూ ఒకేలా సగం సగం ఉడికి ఉంటే చూసేవాడికి ఏదీ తగలదు.

మూడు షాట్లకి పూర్తి పని

ముందుగా ఏది తీసేయాలని కాదు, దేన్ని అస్సలు ముట్టుకోకూడదో తేల్చుకోవాలి. మన కథలో అవి మూడే. చెయ్యి జారిపోవడం 6 సెకన్లు, తాత పక్కన లేడని పిల్లాడి మొహానికి తెలియడం 7, చివర్లో చెయ్యి మళ్లీ దొరకడం 5. మొత్తం 18 సెకన్లు. వీటికి పూర్తి పని. మిగతావన్నీ బేరానికి పెట్టొచ్చు.

తర్వాత తేలిక చేయడం. జాతర జనం 16 సెకన్లు ఉన్నారు. త్రీడీలో గుంపంటే ఒక్కొక్కరికీ నడక, బట్టలు, రెండర్ టైమ్. దాని బదులు డేరా గుడ్డ మీద జనం నీడలు కదులుతూ, వెనక జాతర గోల వినిపిస్తే చాలు. తప్పిపోయిన పిల్లాడికి మనుషులు నీడల్లా కనిపించడం కథకి కూడా బాగానే కలుస్తుంది.

పిల్లాడు పరిగెత్తే 14 సెకన్లలో ఫ్రేమ్ నడుం పైకి కట్ చేస్తే పాదాలు కనపడవు. పరుగులో టైమ్ తినేసేది పాదాలే. నేల మీద జారినట్టు కనిపిస్తే సరిచేయడం, మళ్లీ జారితే మళ్లీ సరిచేయడం. తాత పేరుపెట్టి పిలిచే 10 సెకన్లు వెనక నుంచి చూపిస్తే పెదాలు కదిలించే పనే లేదు.

ఇలా తేలిక చేసిన 40 సెకన్లకి మామూలు పనిలో 40 శాతం పడుతుందనుకుందాం. అంటే 16 సెకన్ల పని. ఈ శాతం గాల్లోంచి తీయకండి. ఒక తేలిక షాట్ నిజంగా చేసి, గంటలు రాసుకుని, అప్పుడు వేయండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఎవాంగెలియన్ చూసి త్రీడీ బొమ్మని కూడా అలాగే కదలకుండా ఆపేయాలనిపిస్తుంది. చేతితో గీసిన బొమ్మ ఆగితే కన్ను ఒప్పుకుంటుంది. త్రీడీ పాత్ర పూర్తిగా ఆగిందంటే మాత్రం ప్రాణం పోయినట్టు, లేదా వీడియో ఇరుక్కుపోయినట్టు కనిపిస్తుంది. కనీసం ఊపిరి, ఒక కనురెప్ప, తల కొద్దిగా జరగడం ఉండాలి. తక్కువ పనే, కానీ సున్నా కాదు.

పాతదే వాడితే ఫ్రీనా?

1963 జనవరి 1న జపాన్ టీవీలో మొదలైన ఆస్ట్రో బాయ్ ప్రతి వారం రావాలి. ఒసాము తెజుకా టీమ్ సెకనుకి వాడే బొమ్మలు తగ్గించింది. అంతటితో ఆగకుండా, గీసిన బొమ్మల్ని దాచిపెట్టి వేరే ఎపిసోడ్లలో మళ్లీ వాడింది. ఆ దాచిన సరుకుకి ‘బ్యాంక్’ అని పేరు. ఎగిరే ఆస్ట్రో ఒకసారి గీస్తే చాలు, వెనక ఆకాశం మార్చుకోవచ్చు.

డిస్నీ కథ వేరు. 1973 నాటి ‘రాబిన్ హుడ్’లో డాన్స్ సీన్ చూస్తే స్నో వైట్ డాన్స్ అడుగులు మెయిడ్ మేరియన్‌లో దొరికిపోతాయి. అందరూ డబ్బు మిగుల్చుకున్నారనుకుంటారు. ఆ స్టూడియోలో పనిచేసిన ఫ్లాయిడ్ నార్మన్ మాత్రం అది పని తగ్గించలేదనే చెప్పారు. పాత కాగితాలు వెతకాలి, కొత్త పాత్ర ఒంటికి సరిపోయేలా మళ్లీ గీయాలి. అదే పాత్ర, అదే పని అయితే లాభం. పాత్ర మారితే అనుమానమే.

మన సినిమాలో పిల్లాడు దుకాణాల మధ్య నడిచే 14 సెకన్లు, తాత నడిచే 10 సెకన్లు ఇలాంటివి. ఇద్దరి నడకలూ మొదటి 56 సెకన్లలోనే చేసేశారు. కెమెరా కోణం, వెనక దుకాణాలు మారిస్తే కొత్త షాట్లు. పావు వంతు పని పడుతుందనుకుంటే 6 సెకన్లు. షాట్‌ని అద్దంలోలా తిప్పి వాడదామనే ఆశ పుడుతుంది, జాగ్రత్త. చొక్కా జేబు కుడివైపుకి వస్తుంది, కుడిచేతి బూర ఎడమచేతికి పోతుంది. దుకాణం బోర్డు మీద అక్షరాలుంటే అవీ తిరగబడతాయి.

ఇక తీసేయాల్సినవి

42 సెకన్లు మిగిలాయి. వాన వచ్చి అందరూ పరిగెత్తడం 14, బెలూన్లవాడి కామెడీ 8, బూర కొనడం 8, రంగులరాట్నం 12.

రంగులరాట్నం డైరెక్టర్‌కి ప్రాణం. కెమెరా పిల్లాడితో పాటు పైకెక్కి జాతర మొత్తం చూపిస్తుంది. దాని కోసం ఇప్పటికే రెండు వారాలు పోశారు. ‘ఇంత చేశాక తీసేస్తామా?’ అంటాడు. పోసిన రెండు వారాలు తీసేసినా రావు, ఉంచినా రావు. చూడాల్సింది ఇంకా ఎంత పడుతుందన్నదే. ఇంకో మూడు వారాలు. అంటే ఉన్న ఆరు వారాల్లో సగం!

తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. యానిమాటిక్, అంటే స్టోరీబోర్డు బొమ్మల్ని సౌండ్‌తో వరసగా పేర్చిన వీడియో, మీ దగ్గర ఉంటుంది కదా. అందులోంచి ఆ షాట్లు తీసేసి, కథ తెలియని ఒకరికి చూపించండి. చూశాక కథ చెప్పమనండి. మీరు నోరు మెదపకండి.

రంగులరాట్నం, వాన, బెలూన్లవాడు లేకపోయినా కథ అలాగే చెబుతారు. కానీ బూర కొనే షాట్ తీసేస్తే ‘ఆ బూర ఎక్కడిది?’ అని అడుగుతారు. క్లైమాక్స్ మొత్తం దాని మీదే ఉంది మరి. పోనీ మొదటి షాట్‌లోనే చేతిలో పెడదామంటే అది పూర్తయిపోయింది, మళ్లీ తెరవాలి. అందుకే 8 సెకన్ల షాట్‌ని 2 సెకన్లకి కుదించాలి: తాత చేతిలోంచి పిల్లాడి చేతిలోకి బూర, మొహాలు లేవు. తేలిక షాట్ కాబట్టి ఒక సెకను పని కూడా పట్టదు.

ఇప్పుడు కూడండి. పూర్తి పని 18, తేలికవి 16, పాతవి 6, బూరకి ఒకటి. 41. మనకున్నది 42. సినిమా మూడు నిమిషాల నుంచి 2 నిమిషాల 20 సెకన్లకి వచ్చింది.

షాట్లు తీసేశాక అతుకులు చూసుకోవాలి. వాన షాట్ పోయింది కదా, దానికి ముందు పిల్లాడు కుడివైపుకి బయటికెళ్లాడు, తర్వాతి షాట్‌లో కుడివైపు నుంచే లోపలికొస్తున్నాడు. మధ్యలో షాట్ ఉన్నప్పుడు తెలియలేదు. ఇప్పుడు వెనక్కి తిరిగొచ్చినట్టుంది. బట్టలు తడిసి ఉన్న షాట్లేమైనా ముందే చేసేశారేమో కూడా చూడాలి. కొత్త యానిమాటిక్ కట్ చేసి, తాళం వేసి, మ్యూజిక్ చేసేవాళ్లకి ఆ రోజే పంపేయాలి. 180 సెకన్లకి ట్యూన్ కట్టేశాక చెబితే వాళ్లు తిట్టేది మిమ్మల్నే.

కట్టిన రంగులరాట్నం వృథా పోదు. చివరి షాట్‌లో తాతా మనవళ్ల వెనక దూరంగా తిరుగుతూ ఉంటుంది, ఒకే చుట్టు మళ్లీ మళ్లీ. ఇక పక్కన పెట్టిన ఆ ఒక్క వారం మిగిలితే ఏం చేయాలో కూడా ఇప్పుడే రాసిపెట్టుకోవాలి, అప్పుడు గొడవ పడకుండా. డైరెక్టర్ ‘రాట్నం’ అంటాడు. లిస్టులో మొదట ఉండాల్సింది మాత్రం తాత పిలిచే షాట్. టైమ్ ఉంటే ఆయన్ని ఇటు తిప్పి, మొహం చూపించాలి.