నవ్వు దిద్దడం ఎక్కడ ఆపాలి?

రిసెప్షన్ వేదిక మీద రెండు గంటలుగా నిలబడిన పెళ్లికూతురి మొహం గమనించండి. మేనత్తలూ పిన్నులూ వచ్చినప్పుడున్న నవ్వు, నాన్న ఆఫీసువాళ్ల వంతు వచ్చేసరికి ఉండదు. పెదవులు మాత్రం అలాగే సాగి ఉంటాయి. ఆ ఫొటోలు ఆల్బమ్ డిజైనర్ చేతికి చేరాక ఇంటివాళ్ల కోరిక ఒకటే: "అమ్మాయి ఇంకాస్త నవ్వుతున్నట్టు చెయ్యి బాబూ." ఫొటోషాప్‌లో అది అర నిమిషం పని. చిక్కంతా అక్కడే. అర నిమిషంలో తెప్పించిన నవ్వు చూస్తే, ఎక్కడో చెప్పలేంగానీ, ఏదో తేడా కొడుతుంది.

ఆ తేడా ఎక్కడ పుడుతుందో ఫ్రెంచ్ వైద్యుడు డుషెన్ 1862లోనే పుస్తకంగా రాసి, ఫొటోలతో సహా చూపించాడు. ఒక ముసలాయన మొహం మీద కరెంటు తీగలు ఆనించి, ఒక్కొక్క కండరాన్నీ విడిగా కదిలించాడు. బుగ్గ ఎముక నుంచి పెదవి మూలకు దిగే కండరాన్ని కదిలిస్తే నోరు నవ్వింది, మనిషి నవ్వలేదు. నిజంగా సంతోషం కలిగినప్పుడు కంటి చుట్టూ ఉండే కండరం కూడా బిగుస్తుంది. బుగ్గ పైకి లేస్తుంది, కింది రెప్ప కాస్త ఎక్కుతుంది, కంటి చివర సన్నటి ముడతలు పడతాయి. కొందరు దీన్ని కావాలని కూడా చేయగలరని తర్వాత తేలింది. కానీ అలసిపోయి వేదిక మీద నిలబడ్డ మనిషికి అంత ఓపిక ఎక్కడిది?

బిగుసుకున్న నవ్వులో ఇంకో లక్షణం ఉంది. అసలు నవ్వులో పెదవి మూలలు ఏటవాలుగా పైకి వెళ్తాయి. బలవంతపు నవ్వులో అవి పక్కలకు సాగుతాయి. అంటే నోరు అప్పటికే ఉండాల్సినదానికంటే వెడల్పుగా ఉంటుంది. ఈ సంగతి తెలియనివాళ్లు సాగిన నోటినే తీసుకుని మూలలు పైకి లేపుతారు. జోకర్ మొహాలు తయారయ్యేది అలాగే.

ఫొటోషాప్‌లో Filter మెనూలో Liquify అని ఉంటుంది. మొహాన్ని తనంతట తానే గుర్తుపట్టి కన్ను, ముక్కు, నోరు విడివిడిగా జరపనిచ్చే సదుపాయం అందులోకి 2016లో వచ్చింది. నోటి కింద Smile, Mouth Width లాంటి స్లైడర్లు ఉంటాయి. ఒక్కొక్కటీ సున్నా నుంచి అటు వంద, ఇటు వంద దాకా జరుగుతుంది. వంద దాకా ఉంది కదా అని జరపకూడదు.

ఒక పెళ్లికూతురి ఫొటో తీసుకుందాం. నేరుగా కెమెరా వైపు చూస్తోంది, పెదవులు మూసి ఉన్నాయి, ముక్కుకు బులాకీ ఉంది. ముందుగా Filter మెనూలోనే Convert for Smart Filters నొక్కాలి. అలా చేస్తే అసలు ఫొటో చెక్కుచెదరదు, రేపు నచ్చకపోతే అంకెలు మార్చుకోవచ్చు. తర్వాత Liquify తెరిచి, మొట్టమొదట Mouth Width ఒక ఐదారు తగ్గించాలి. అప్పుడు Smile పన్నెండు, పదిహేను దాకా పెంచాలి. ఇరవై అయిదు దాటిన నవ్వు నమ్మదగ్గట్టు నిలవడం నేనైతే అరుదుగా చూశాను. ఇక్కడితో ఆపితే నోరు నవ్వి కళ్లు ఊరుకుంటాయి, డుషెన్ ముసలాయనలాగే. అందుకని రెండు కళ్లనూ కలిపే గొలుసు గుర్తు నొక్కి, Eye Height నాలుగైదు తగ్గించాలి. దీనితో పై రెప్ప కూడా కొద్దిగా దిగుతుంది. నవ్వులో ముఖ్యంగా కదిలేది కింది రెప్ప. కాబట్టి Forward Warp Tool తీసుకుని, బ్రష్‌ని కంటికంటే పెద్దది చేసి, Pressure ఇరవై లోపు ఉంచి, కింది రెప్పనూ దాని కింది బుగ్గనూ కలిపి వెంట్రుకవాసి పైకి నెట్టాలి. చిన్న బ్రష్‌తో చేస్తే చర్మం అలలు పడుతుంది.

ఇప్పుడు బులాకీ చూడాలి. పై పెదవితోపాటు అదీ వంకర పోయి ఉంటుంది. చర్మం వంగితే కన్ను క్షమిస్తుంది, బంగారం వంగితే క్షమించదు. ఫిల్టర్ పక్కనుండే తెల్లటి మాస్కు మీద, బులాకీ ఉన్న చోట మెత్తటి నల్ల బ్రష్‌తో రాస్తే అసలు ఆకారం తిరిగి వస్తుంది. నుదుటి కొలత కదిలించి ఉంటే బాసికానికీ ఇదే వైద్యం.

పళ్లు కనిపించే నవ్వయితే కథ వేరు. పై పళ్లు పుర్రెకు అతుక్కుని ఉంటాయి. నవ్వితే పెదవి వాటి మీద నుంచి జరుగుతుందే తప్ప పళ్లు వంగవు. Liquifyకి ఆ జ్ఞానం లేదు. పెదవితోపాటు పళ్ల వరుసనూ లాగి నెలవంకలా వంచుతుంది, చివరి పళ్లు పొడుగవుతాయి. ఎదుటివాళ్లకు కారణం తెలియకపోయినా, ఒంట్లో జలదరింపు పుట్టించేది ఎక్కువగా ఇదే. పళ్లు కనిపిస్తుంటే Smile ఐదు దాటించకపోవడం మంచిది.

దాదాపు మనిషిలా ఉండి కాస్త తేడాగా ఉన్న బొమ్మ మనల్ని భయపెడుతుందని జపాన్ ఇంజినీరు మసాహిరో మోరి 1970లో రాశాడు. ఒసాకా ప్రదర్శనలో నవ్వే మరమనిషి గురించి ఆయన చెప్పిన ముక్క ఈ పనికీ వర్తిస్తుంది: దాని నవ్వు వేగాన్ని సగానికి తగ్గిస్తే సంతోషం పోయి వెగటు మిగులుతుంది. కండరాలన్నీ ఉన్నాయి, వాటి పొత్తు చెడింది, అంతే.

నవ్వు సంగతి పక్కనపెట్టి, బిగిసిన మొహాన్ని వదులు చేయడం మాత్రమే కావాలంటే అసలు పెదవుల జోలికే వెళ్లనక్కర్లేదు. కనుబొమల మధ్య గీతలు, మెడ మీద తేలిన తాళ్లు, ఈ రెంటిలోని నీడను కొద్దిగా తేలిక చేస్తే చాలు. పూర్తిగా చెరిపేస్తే మైనపు బొమ్మ అవుతుంది. సగం నీడ ఉండనివ్వండి.

పని అయ్యాక ఫొటోను ఎడమ కుడి తిప్పి చూడండి. అప్పటిదాకా అలవాటుపడిన కన్ను కొత్తగా చూస్తుంది, ఒక మూల ఎక్కువ లేచి ఉంటే వెంటనే దొరికిపోతుంది. తర్వాత నోటిని చేత్తో మూసి కళ్లు మాత్రమే చూడండి. కళ్లలో నవ్వు లేకపోతే నోటిలో సగం తగ్గించండి. చివరికి ఆ అమ్మాయిని రోజూ చూసే మనిషికి చూపించండి. కొత్తవాళ్లకు పట్టుబడనిది తల్లికి క్షణంలో పట్టుబడుతుంది.

ఇంతా చేసి, వీటన్నిటికంటే మేలైన దారి మరొకటి. గ్రూపు ఫొటోకి ఫొటోగ్రాఫర్ నాలుగైదు సార్లు నొక్కుతాడు. వాటిలో ఒకదానిలో అమ్మాయి నిజంగానే నవ్వి ఉంటుంది. రెండు ఫ్రేములనూ Auto-Align Layersతో కలిపి, ఆ మొహాన్ని మాస్కుతో ఇందులోకి తేవచ్చు. నోరు ఒక్కటే కాదు, కళ్లూ బుగ్గలూ కలిపి మొత్తం మొహం తేవాలి. వెలుగు, తల వంపు కలిస్తే ఇది ఎవరికీ దొరకదు, ఎందుకంటే ఆ నవ్వు ఆమెదే.

ఇంకో ఫ్రేము లేని ఫొటోలూ వస్తాయి. పోయిన తండ్రి పాస్‌పోర్టు సైజు ఫొటో తెచ్చి, పెద్దది చేసి దండ వేస్తాం, కాస్త నవ్వు తెప్పించమని అడుగుతారు. ఒప్పుకోకూడదని నా అభిప్రాయం. నుదుటి నీడ తేలిక చేయవచ్చు, అంతవరకే. ఆయన ఎలా నవ్వేవారో ఇంటివాళ్లకు తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. స్టూడియోకి వెళ్లే ముందు పాత ఆల్బమ్‌లు, బంధువుల ఫోన్లు ఒకసారి వెతకండి. ఎవరి పెళ్లిలోనో వెనక వరుసలో ఆయన నవ్వుతున్న ఫొటో ఒకటి దొరికితే, మసకగా ఉన్నా సరే, దాన్నే పెద్దది చేయించండి.