అమ్మ మాత్రల వేళ ఇండియా టైములోనే

అక్టోబరు మొదటి ఆదివారం మెల్‌బోర్న్, సిడ్నీల్లో గడియారం గంట ముందుకు జరుగుతుంది. బ్రిస్బేన్, పెర్త్‌లలో జరగదు. ఇండియాలో అసలే జరగదు. ఊళ్లో ఉన్న అమ్మకు ఫోనులో మాత్రలు గుర్తుచేసేవాళ్లకు చిక్కు ఇక్కడే వస్తోందని మేము చూస్తున్నాం.

అమ్మ గుంటూరులో, అన్నయ్య మెల్‌బోర్న్‌లో, చెల్లెలు బ్రిస్బేన్‌లో, తమ్ముడు హైదరాబాద్‌లో ఉన్నారనుకుందాం. అమ్మకు థైరాయిడ్ మాత్ర పొద్దున ఆరున్నరకు, పరగడుపున. జనవరిలో అన్నయ్య తన ఫోనులో మధ్యాహ్నం 12కి అలారం పెట్టుకున్నాడు, సరిపోయింది. ఏప్రిల్ మొదటి ఆదివారం గడియారం వెనక్కి జరిగాక అదే 12 గుంటూరులో ఏడున్నర. అప్పటికే అమ్మ కాఫీ తాగేసి ఉంటుంది. కాఫీ పడ్డాక ఆ మాత్ర సరిగా ఒంటికి పట్టదు.

అందుకని గూగుల్ క్యాలెండర్‌లో ముగ్గురికీ కలిపి ఒక క్యాలెండర్ తెరిచి, మాత్ర ఎంట్రీలో `Time zone` దగ్గర Kolkata ఎంచుకుని 6:30 పెట్టాలి. అన్నయ్యకు కాలాన్ని బట్టి 11కో 12కో, చెల్లెలికి ఏడాదంతా 11కే మోగుతుంది. మోత మాత్రం ఎవరి ఫోనులో వాళ్లే ఆన్ చేసుకోవాలి.

వంతు ఎవరిదో ఎంట్రీ పేరులోనే రాయండి: "సోమవారం, అన్నయ్య". అమ్మ నోట "వేసుకున్నాను" అని విన్నాకే పక్కన "అయింది" అని చేర్చాలి. అరగంటలో ఆ మాట కనబడకపోతే తమ్ముడు ఫోన్ చేస్తాడు.

డాక్టరు దగ్గరికి వెంట వెళ్లేది తమ్ముడే కాబట్టి మందుల మార్పులు అతనొక్కడే రాయాలి. డోసు మారితే `This and following events` నొక్కాలి. `All events` నొక్కితే పాత రోజుల్లోనూ కొత్త డోసే కనబడుతుంది. ఎప్పటినుంచి మార్చారని డాక్టరు అడిగితే చెప్పడానికి ఆధారం ఉండదు.

పెట్టుకోవడం కుదరకపోతే ఆదివారం హారతి అయ్యాక ఫోను తీసుకురండి, కలిసి చూద్దాం.