ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్‌కి ప్లాన్ చేస్తున్నారా? కాళ్లను 12 వారాల్లో ఇలా రెడీ చేసుకోండి

ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్‌కి తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లేవాళ్లు ఏటా ఉంటున్నారు. వీరిలో ఆఫీసులో రోజంతా కూర్చుని పనిచేసేవాళ్లూ ఉన్నారు. చాలామంది రోజూ వాకింగ్ చేస్తున్నాం కదా, సరిపోతుందిలే అనుకుంటారు. కానీ పార్కులో చదునైన దారిలో నడవడం వేరు, భుజాన బ్యాగుతో గంటల తరబడి ఎక్కడం వేరు. అసలు కష్టం ఎక్కడ మొదలవుతుంది? దానికి కాళ్లను ఎలా సిద్ధం చేసుకోవాలి? తెలుసుకుందాం.

అసలు పరీక్ష రెండో రోజే

ఈ ట్రెక్ నేపాల్‌లోని లుక్లాలో మొదలవుతుంది. మొదటి రోజు ఫక్డింగ్ వరకు నడక పెద్దగా ఇబ్బంది పెట్టదు. రెండో రోజు నామ్చే బజార్‌కి వెళ్లేటప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. నది మీద ఎత్తుగా కట్టిన వేలాడే వంతెన దాటాక దాదాపు 600 మీటర్ల ఎత్తు ఒకే ఊపులో ఎక్కాలి. నామ్చే ఉన్నది 3,440 మీటర్ల ఎత్తులో. సముద్ర మట్టం దగ్గర శ్వాసకు అందే ఆక్సిజన్‌లో మూడింట రెండు వంతులే అక్కడ అందుతుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూద్దాం. 30 సెంటీమీటర్ల ఎత్తున్న పీట మీదికి ఒకసారి ఎక్కితే శరీరం 30 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. అంటే 600 మీటర్లకు 2,000 సార్లు ఎక్కాలి. నిమిషానికి 12 చొప్పున ఎక్కినా దాదాపు 2 గంటల 45 నిమిషాలు పడుతుంది. అందుకే ఈ ట్రెక్ ప్రిపరేషన్‌లో పరుగు కంటే స్టెప్-అప్‌లే ముఖ్యం.

స్టెప్-అప్ కరెక్ట్‌గా చేస్తున్నారా?

గట్టి పీట గానీ, కదలని బెంచీ గానీ, మెట్టు గానీ తీసుకోండి. పాదం మొత్తం, మడమతో సహా, దాని మీద ఉండాలి. పైన పెట్టిన కాలి బలంతోనే లేవాలి. చాలామంది కింద ఉన్న కాలితో నేలను తన్ని పైకి లేస్తారు. అప్పుడు పనంతా పిక్క చేస్తుంది, తొడకు పని ఉండదు. మీరు అలా చేస్తున్నారో లేదో తెలుసుకోవడం సులువే. కింద ఉన్న కాలి వేళ్లను పైకి ఎత్తి, మడమ మీదే నిలబడి లేవండి. లేవలేకపోతే పీట ఎత్తు ఎక్కువైందని అర్థం. 20 సెంటీమీటర్లకు తగ్గించుకోండి.

దిగేటప్పుడు మనసులో మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగాలి. ధబీమని పాదం వేయకూడదు. మోకాలు లోపలికి వంగకుండా కాలి రెండో వేలు వైపే ఉండాలి. ఇలా నిదానంగా దిగడమే తిరుగు ప్రయాణంలో మోకాళ్లను కాపాడుతుంది.

12 వారాల ప్లాన్ ఇదీ

1 నుంచి 4 వారాలు: బ్యాగు లేకుండా 20 సెంటీమీటర్ల పీట మీద వారానికి మూడు రోజులు స్టెప్-అప్‌లు చేయాలి. ఒక్కో కాలికి 10 చొప్పున మూడు సెట్లు చాలు. మరో రెండు రోజులు 45 నిమిషాలు నడవాలి. ఆదివారం రెండు, మూడు కిలోల బ్యాగుతో రెండు గంటలు నడవాలి. నాలుగో వారం ఇవన్నీ కాస్త తగ్గించాలి.

5 నుంచి 8 వారాలు: పీట ఎత్తు 30 సెంటీమీటర్లకు పెంచాలి. మూడు రోజుల్లో ఒక రోజును లెక్క రోజుగా పెట్టుకోవాలి. ఆ రోజు 4 కిలోల బ్యాగుతో, రెండు కాళ్లూ కలిపి 200 స్టెప్-అప్‌లు చేయాలి. వారానికి 100 చొప్పున పెంచుతూ ఏడో వారానికి 400కు చేరాలి. ఎనిమిదో వారం మళ్లీ 250కి తగ్గించాలి. ఆదివారం నడక మూడు, నాలుగు గంటలకు, బ్యాగు బరువు 6 కిలోలకు వెళ్తుంది.

9 నుంచి 11 వారాలు: లెక్క రోజున 550, ఆ తర్వాతి వారం 750, చివరికి 1,000 స్టెప్-అప్‌లు చేయాలి. బ్యాగు 7 కిలోలు. పోర్టర్‌ను పెట్టుకున్నవాళ్ల డే బ్యాగు కూడా నీళ్లు, జాకెట్, కెమెరా కలిపి ఇంచుమించు అంతే తూగుతుంది. శని, ఆదివారాలు వరుసగా నడవాలి. శనివారం ఐదు గంటలు, ఆదివారం మూడు గంటలు. ట్రెక్‌లో అలసిన కాళ్లతోనే మర్నాడు మళ్లీ నడవాలి కాబట్టి ఈ రెండో రోజు చాలా అవసరం.

12వ వారం: అన్నీ సగానికి తగ్గించాలి. కష్టమైన నడక ఏదైనా బయల్దేరడానికి కనీసం వారం ముందే అయిపోవాలి. చివర్లో ఎక్కువ చేస్తే బలం రాదు, అలసట మాత్రం వెంట వస్తుంది.

బ్యాగులో నీళ్ల బాటిళ్లే బెస్ట్

బరువు కోసం ఇటుకలు, డంబెల్స్ వద్దు. లీటరు నీళ్లంటే కిలో. ఏడు లీటర్ల బాటిళ్లు పెట్టుకుంటే ఏడు కిలోలు. మోకాళ్లు నొప్పి పెడుతుంటే పైకి ఎక్కాక సగం నీళ్లు పారబోసి తేలికగా దిగొచ్చు. బరువు వీపుకు ఆనుకుని ఉండాలి. నడుము బెల్టు బిగించుకుంటే భారం భుజాల మీద కాకుండా తుంటి మీద పడుతుంది. ట్రెక్‌కి వేసుకెళ్లే బూట్లతోనే ఈ నడకలు చేయాలి. బొబ్బలు వస్తే ఇక్కడే తెలియడం మంచిది.

అలిపిరి మెట్లతో టెస్ట్

తిరుమల అలిపిరి నడక మార్గంలో 3,550 మెట్లు ఉన్నాయి. కింది నుంచి పైకి ఎక్కే ఎత్తు దాదాపు 700 మీటర్లు. అంటే నామ్చే ఎక్కుడుకి ఏమాత్రం తీసిపోదు. పదో వారంలో దీన్ని ఒక పరీక్షగా పెట్టుకోవచ్చు. పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంలోనే ఎక్కాలి. మాట తెగిపోతుంటే వేగం తగ్గించాలి. చాలామంది నడిచి ఎక్కి బస్సులో దిగిపోతారు. ట్రెక్ కోసం సిద్ధమయ్యేవాళ్లు మాత్రం నడిచే దిగాలి. మర్నాడు ఇంటి మెట్లు మామూలుగా దిగగలిగితే కాళ్లు సిద్ధమైనట్టే. రెయిలింగ్ పట్టుకుని పక్కకు తిరిగి దిగాల్సి వస్తే, స్టెప్-అప్‌లో దిగే భాగం మీద ఇంకా పనిచేయాలి.

ఏ నొప్పికి ఆగాలి?

రెండు తొడలూ సమానంగా పీకుతూ రెండు రోజుల్లో తగ్గిపోతే కంగారు అక్కర్లేదు. ఒక్క మోకాలిలోనే, అదీ మెట్లు దిగేటప్పుడు పోటు వస్తుంటే బరువు తీసేయాలి, పీట ఎత్తు తగ్గించాలి. వారం దాటినా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించాలి. పొద్దున లేవగానే నాడి చూసుకోవడం మరో పద్ధతి. మామూలు కంటే 8, 10 ఎక్కువగా కొట్టుకుంటుంటే ఆ రోజు రెస్ట్ తీసుకోవడమే మేలు.

కాళ్ల బలం ఆక్సిజన్ ఇవ్వదు

ఇక్కడే చాలామంది పొరపడతారు. ఎంత ఫిట్‌గా ఉన్నా ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాదన్న గ్యారంటీ లేదు. నిజానికి కాళ్లలో బలం ఉన్నవాళ్లే త్వరత్వరగా ఎక్కేసి ఇబ్బందుల్లో పడుతుంటారు. 5,364 మీటర్ల బేస్ క్యాంప్ దగ్గర శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు సగమే. 12 వారాల సాధన దాన్ని మార్చలేదు. దానికి మందు నిదానమే. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. మూడు, నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఆగాలి. నామ్చేలో రెండు రాత్రులు ఉండేది అందుకే.

తలనొప్పితో పాటు వికారం, ఆకలి లేకపోవడం ఉంటే ఇంకా పైకి వెళ్లకూడదు. నడకలో తూలుడు, మాటలో తడబాటు, కూర్చున్నా ఆయాసం కనిపిస్తే రాత్రయినా సరే, తోడుగా మనిషిని పెట్టి వెంటనే కిందికి దించాలి. గుండె, ఊపిరితిత్తుల సమస్యలు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు మొదటి వారం సాధన మొదలుపెట్టకముందే డాక్టర్ సలహా తీసుకోవాలి.