సేల్స్ రెప్‌కు వరుసగా ‘నో’లేనా..? టార్గెట్ గుర్తు చేసే ముందు మేనేజర్ లెక్కపెట్టాల్సింది ఇదే!

సాయంత్రం ఏడు అవుతుంది. సేల్స్ టీమ్ వాట్సాప్ గ్రూప్‌లో రిపోర్ట్ పడుతుంది. ఒక పేరు పక్కన మళ్లీ సున్నా. కింద మేనేజర్ మెసేజ్.. ‘రేపైనా చేస్తావా?’ మూడు వారాలుగా ఇదే తంతు. ఆ కుర్రాడు రేపో మాపో రాజీనామా ఇచ్చేలా ఉన్నాడు. ఇలాంటి టైంలో చాలామంది మేనేజర్లు రెండే పనులు చేస్తారు. గట్టిగా మందలిస్తారు, లేదంటే మోటివేషన్ వీడియో పంపిస్తారు. రెండూ పెద్దగా పనిచేయవు. ఎందుకంటే అసలు అతనికి ఎన్ని ‘నో’లు వచ్చాయో ఇద్దరిలో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇది అర్థం కావాలంటే ఒక ఉదాహరణ చూద్దాం. విజయవాడ వన్‌టౌన్‌లో షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక రెప్ ఉన్నాడనుకుందాం. రోజుకు 12 షాపులు, 18 పని రోజులు. మొత్తం 216 షాపులు తిరిగాడు. ఒక్క ఆర్డర్ లేదు. అతని మాటల్లో చెప్పాలంటే.. ‘216 మంది కాదన్నారు సార్, ఇది నా వల్ల కాదు.’

ముందు వినండి.. తర్వాతే లెక్క

ఈ మాట క్యాబిన్‌లో కూర్చోబెట్టి అడిగితే బయటకు రాదు. టీమ్ మీటింగ్‌లో అసలే రాదు. బయట టీ కొట్టు దగ్గర, ఫోన్ జేబులో పెట్టుకుని మాట్లాడాలి. ‘ఎందుకు కావట్లేదు?’ అని అడిగితే సంజాయిషీ వస్తుంది. అదే ‘నిన్న ఆఖరి షాపులో ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పు’ అంటే జరిగింది జరిగినట్టు చెబుతాడు.

అతను కారణం ఎలా చెబుతున్నాడన్నది జాగ్రత్తగా వినండి. ‘ఆ టైంలో ఓనర్ బిజీగా ఉన్నాడు’ అంటే ఇంకా దారి వెతుకుతున్నాడని అర్థం. ‘నాకు అమ్మడం రాదు, ఎప్పటికీ రాదు’ అంటే తప్పంతా తన మీదే వేసుకున్నట్టు. అమెరికన్ సైకాలజిస్ట్ మార్టిన్ సెలిగ్‌మన్ 1980ల్లో ఇన్సూరెన్స్ ఏజెంట్ల మీద పరిశోధన చేసినప్పుడు ఈ తేడానే గమనించారు. ఓటమి తాత్కాలికమే అనుకునేవాళ్లు ఎక్కువ అమ్మారు, ఉద్యోగంలోనూ ఎక్కువ కాలం నిలిచారు.

అలాగని ‘పాజిటివ్‌గా ఉండు’ అంటే సరిపోదు. అతని చేతిలో లెక్క పెట్టాలి.

216 ‘నో’లు కాదు.. ఆరే!

రెప్ డైరీ తీసి, ప్రతి షాపు పక్కన ఎక్కడ ఆగిపోయిందో రాయించండి. మన ఉదాహరణలో ఇలా తేలింది అనుకుందాం. 130 షాపుల్లో కౌంటర్ దగ్గరే ఆగిపోయింది. ఓనర్ లేడు, లేదంటే ‘ఇంకా బోణీ కాలేదు, వెళ్లు’ అన్నారు. మరో 60 షాపుల్లో రెండు నిమిషాలు విని ‘తర్వాత చూద్దాం’ అన్నారు. డెమో దాకా వెళ్లినవి 26 మాత్రమే. అందులో 20 మంది ‘మా ఆడిటర్‌ను అడిగి చెప్తాం’ అన్నారు. సాఫ్ట్‌వేర్ చూసి, ‘మాకొద్దు’ అని తేల్చి చెప్పినవాళ్లు ఆరుగురే.

అంటే 190 మంది సాఫ్ట్‌వేర్ చూడనే లేదు. 20 మంది ఇంకా ఏమీ తేల్చలేదు. 216 దెబ్బలు తిన్నానని కుంగిపోయిన మనిషికి ‘నీకు పడినవి ఆరే’ అని కాగితం మీద చూపిస్తే, అది ఏ స్పీచ్ కన్నా బాగా పనిచేస్తుంది. పైగా ఏం మార్చాలో కూడా అదే కాగితం చెబుతుంది.

మొదటిది టైమ్. పొద్దున బోణీకి ముందు, సాయంత్రం రద్దీలో వెళ్తే ఎవరూ వినరు. ఈ తరహా షాపుల్లో మధ్యాహ్నం కాస్త ఖాళీ ఉంటుంది. రెండోది ఆడిటర్. 20 షాపులు ఆయన మాట కోసమే ఆగి ఉంటే, మళ్లీ ఆ షాపుల చుట్టూ తిరగడం వృథా. ఆ ఆడిటర్లనే కలవాలి. ప్రతి నెలా జీఎస్టీ రిటర్న్ వేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ, జీఎస్టీఆర్-3బి గడువు 20వ తేదీ. ఆ రోజుల్లో ఆడిటర్‌కు తల ఎత్తే తీరిక ఉండదు. 20 దాటాక వెళ్తే కూర్చోబెట్టి మాట్లాడతారు.

రెండు వారాల ప్లాన్ ఇలా..

అలసిపోయిన మనిషికి ‘ఇంకో ఐదు షాపులు ఎక్కువ తిరుగు’ అని చెప్పకండి. 12 షాపులను ఏడుకు తగ్గించండి. కొలత కూడా మార్చండి. ఈ రెండు వారాలు ఆర్డర్లు అడగొద్దు. రోజుకు రెండు డెమోలు అయ్యాయా, ఎవరైనా ఆడిటర్‌ను కలిశాడా అన్నదే చూడండి. ఆర్డర్ ఇవ్వడం కస్టమర్ ఇష్టం. ఏ టైంలో, ఎవరి దగ్గరకు వెళ్లాలన్నది మాత్రం రెప్ చేతిలో ఉంటుంది.

వారానికి రెండు రోజులు మీరూ వెంట వెళ్లండి. మొదటి రెండు షాపుల్లో మీరు మాట్లాడండి. మీకూ ‘నో’ పడుతుంది. అది అతను కళ్లారా చూడటం మంచిదే. తర్వాతి షాపుల్లో అతను మాట్లాడుతుంటే మధ్యలో దూరొద్దు. చాలామంది మేనేజర్లు ఇక్కడే తప్పు చేస్తారు. డీల్ పోతుందని మాట లాక్కుంటారు. దాంతో కస్టమర్ ముందే రెప్ పలచనైపోతాడు. బయటకు వచ్చాక ఒక్కటంటే ఒక్క సవరణే చెప్పండి.

ఇంకో పని మీరు పైవాళ్లతో చేయాలి. ‘ఈ రెండు వారాలు ఇతని నంబర్ తగ్గుతుంది, బాధ్యత నాది’ అని మీ బాస్‌కు ముందే చెప్పండి. అది చెప్పకపోతే పై నుంచి ప్రెజర్ రాగానే మూడో రోజుకే మీరు మళ్లీ టార్గెట్ దగ్గరకు వచ్చేస్తారు.

ఇది మామూలు నిరాశేనా.. బర్న్‌అవుటా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్‌అవుట్‌ను పనికి సంబంధించిన స్థితిగా వివరించింది. దానికి మూడు లక్షణాలు చెప్పింది. శక్తి పూర్తిగా హరించుకుపోవడం, పని మీద విరక్తి, పని సామర్థ్యం తగ్గిపోవడం. ఫీల్డ్‌లో ఇది ఇలా కనిపిస్తుంది. పొద్దున మొదటి షాపుకు వెళ్లే టైం రోజురోజుకూ వెనక్కి జరుగుతుంది. తెలిసిన నాలుగు షాపులకే మళ్లీ మళ్లీ వెళ్తుంటాడు. వెళ్లని షాపులు కూడా రిపోర్ట్‌లో ఎక్కుతాయి. ఆదివారం సెలవు తీసుకున్నా సోమవారం అదే నీరసం.

తప్పుడు రిపోర్ట్ కనిపించగానే మెమో ఇచ్చేయకండి. ముందు పిలిచి మాట్లాడండి. బర్న్‌అవుట్ దాకా వస్తే పైన చెప్పిన ప్లాన్ కన్నా ముందు నాలుగైదు రోజుల నిజమైన సెలవు కావాలి. అంటే ఆ రోజుల్లో ఫోన్లు, గ్రూప్ మెసేజ్‌లు కూడా ఉండకూడదు. నిద్ర పట్టడం లేదన్నా, తిండి మానేసినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా అది మేనేజర్ ఒక్కడు చూసుకునే విషయం కాదు. ఒంటరిగా వదలకుండా డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.

ఇంకో విషయం. టీమ్‌లో మిగతావాళ్ల డైరీలూ ఒకసారి చూడండి. అందరికీ డెమో తర్వాతే ‘వద్దు’ అని వస్తుంటే లోపం ఆ కుర్రాడిలో లేదు. ధరలోనో, ప్రోడక్ట్‌లోనో ఉంది. అప్పుడు మాట్లాడాల్సింది అతనితో కాదు, ఆఫీసుతో.

ఫలితం ఎలా తెలుస్తుంది?

రెండు వారాల్లో ఆర్డర్ వస్తే సంతోషమే. రాకపోయినా కొన్ని గుర్తులు కనిపిస్తాయి. మొదటి షాపుకు మళ్లీ టైంకు వెళ్తుంటాడు. అడగకుండానే ‘సార్, ఆ ఆడిటర్ సోమవారం రమ్మన్నాడు’ అని ఫోన్ చేస్తాడు. ‘నాకు రాదు’ అన్నవాడు ‘అక్కడ టైం కుదరలేదు’ అంటాడు. ఆ మాట వినిపించాక షాపుల సంఖ్య ఏడు నుంచి తొమ్మిదికి, తర్వాత 12కి మెల్లగా పెంచుకోవచ్చు. ఈలోగా గ్రూప్‌లో పేరు పక్కన సున్నా పెట్టడం మాత్రం ఈ రోజే ఆపేయండి.