చేతికి 60 వేలు రావాలంటే ఫీజు ఎంత?

రంపచోడవరంలో ఒక స్వచ్ఛంద సంస్థ కొండ ఊళ్లలో వైద్య శిబిరాలు పెడుతోందనుకుందాం. రాజమండ్రి నుంచి వచ్చే డాక్టరు గారు ముందే చెప్పేశారు: "పన్ను సంగతి మీరే చూసుకోండి. నా చేతికి 60 వేలు రావాలి." సంస్థ సరేనంది. మరి పుస్తకంలో ఫీజు ఎంతని రాయాలి?

డాక్టరు ఫీజు మీద టీడీఎస్ 10 శాతం. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 50 వేలు దాటితేనే కోత, ఇక్కడ దాటింది. 60 వేలకు 10 శాతం కలిపి 66 వేలు రాయాలని చాలామందికి తోస్తుంది. కానీ 66 వేల మీద కోత 6,600. డాక్టరుకు ముట్టేది 59,400. ఆరు వందలు ఏమైనట్టు?

ఆయన తరఫున మనం కట్టే పన్ను కూడా ఆయన సంపాదనే. కాబట్టి కలిపిన 6 వేల మీద 600 పన్ను పడుతుంది. ఆ 600 కూడా మనమే భరిస్తే దాని మీద 60, ఆ పైన 6... ఇలా తోక సాగుతూనే ఉంటుంది. ఆ 6 వేలతో సహా మొత్తం కూడితే 6,666 రూపాయల 67 పైసలు.

అంత కూడిక అక్కర్లేదు. నూరు రూపాయల ఫీజులో పది పన్నుకు పోతే తొంభై చేతికొస్తాయి. అంటే మనకు తెలిసిన 60 వేలు అసలు ఫీజులో నూటికి తొంభై వంతులు.

```
60,000 ÷ 0.90 ≈ 66,667
```

పన్ను 6,667 తీసేస్తే సరిగ్గా 60 వేలు. పన్ను తనే భరిస్తానని ఒప్పుకున్నవాళ్లు ఇలా పెంచి లెక్కగట్టాలని ఆదాయపు పన్ను చట్టంలోనే ఉంది. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం. అప్పుడు చేతికి అదే 60 వేలు మిగలాలంటే ఫీజు 75 వేలు కావాలి. పాన్ నంబరు ముందే అడిగి తీసుకోవడం చవక.

ఏజెన్సీలో గిరిజనులకు పన్ను లేదుగా అని ఇక్కడ తరచూ అంటారు. ఆదాయపు పన్నులో ఆ మినహాయింపు ఈశాన్య ప్రాంతాలకూ లద్దాఖ్‌కూ పరిమితం. డాక్టరు స్థానిక గిరిజనుడైనా మన దగ్గర కోత తప్పదు.

లెక్కలో తప్పు జరిగిందో లేదో టీడీఎస్ సర్టిఫికెట్ చూస్తే తెలుస్తుంది. చెల్లింపు 66,667, పన్ను 6,667 అని ఉండాలి. 60,000, 6,000 అని ఉంటే పెంచకుండా లెక్కగట్టారన్నమాటే.

ఇంకో సంగతి సంస్థలు ఆలస్యంగా గమనిస్తాయి. ఆ 6,667 డాక్టరు పాన్ మీద జమవుతుంది. ఏడాది చివర ఆయనకు అంత పన్ను పడకపోతే రీఫండు ఆయన ఖాతాలోకే వెళ్తుంది. డబ్బు కట్టింది సంస్థే అయినా, తిరిగి ఇవ్వాలని ఒప్పందంలో రాసుకోకపోతే అడిగే వీలుండదు.