ఐదా, ఎనిమిదా?

మా వీధిలో ఒక రెండంతస్తుల ఇల్లు ఉంది. కింద ఇంటాయన, పైన అద్దెకున్న కుర్రాడు. కరెంటు మెయిన్ మీటరు ఒకటే. పై వాటాకి సబ్ మీటరు పెట్టి, యూనిట్‌కి 8 రూపాయలని మాట్లాడుకున్నారు. రెండేళ్లు ఏ పేచీ లేదు. మొన్న ఒకటో తారీఖున ఇంటాయన నోటుబుక్కులో 4488 అని రాసుకున్నాడు. కుర్రాడు అదే రోజు రాత్రి చూస్తే 4458 కనిపించింది. కిందటి నెల రీడింగు 4312 అన్నదాంట్లో తేడా లేదు. అంటే ఒకరి లెక్కలో 176 యూనిట్లు, మరొకరి లెక్కలో 146. తేడా 240 రూపాయలే. కానీ మాట 240 దగ్గర ఆగుతుందా? "నేను దొంగ లెక్క రాస్తానా?" దాకా వెళ్లింది.

ఆరో తారీఖు సాయంత్రం ఆ కుర్రాడే ఓ మాటన్నాడు. "అంకుల్, మీ పుస్తకం వద్దు, నా మాట వద్దు. ఇద్దరం కలిసి మీటరు దగ్గర నిలబడి ఒకే ఫోటో తీద్దాం. అందులో ఎంతుంటే అంత." పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని వచ్చాడు. మెట్ల కింద చీకటి, మీటరు అద్దం మీద రెండేళ్ల దుమ్ము. గుడ్డతో తుడిచి చూస్తే అంకె 4482.

అక్కడితో సగం గొడవ తీరిపోయింది. మీటరు ముందుకే తిరుగుతుంది. ఆరో తారీఖున 4482 ఉన్నది ఒకటో తారీఖున 4488 ఎలా అవుతుంది? దుమ్ము పట్టిన అద్దం వెనక ఐదు ఎనిమిదిలా కనిపించింది, అంతే. కుర్రాడి లెక్కకి ఇంకో సాక్ష్యం కూడా దొరికింది. 4458 నుంచి 4482కి 24 యూనిట్లు, అంటే రోజుకి 5 కంటే కాస్త తక్కువ. కిందటి నెల 146ని 30తో భాగించినా దాదాపు అంతే. 176 అయితే రోజుకి 6 దాకా పోతుంది.

అయితే వాళ్లకి కాలం కలిసొచ్చింది. ఇంకో వారం పంతానికి పోయి ఉంటే మీటరు 4488 దాటిపోయేది, ఎవరి మాట అబద్ధమో చెప్పే సాక్షి పోయేది. అప్పుడిక మిగిలేది రోజువారీ సగటు ఒక్కటే. అది కూడా వాడకం మారనప్పుడే నమ్మదగ్గది. మే నెల కూలర్ బిల్లుని జూలై వాడకంతో తూచలేం.

ఫోటో తీయడానికీ ఒక పద్ధతుంది. ఫ్లాష్ వేస్తే అద్దం మెరిసి అంకె మాయమవుతుంది. అది ఆపేసి, రెండో ఫోనుతో పక్కనుంచి టార్చి కొట్టాలి. కెమెరా అంకెలకి ఎదురుగా ఉండాలి, కింద నుంచి పైకి ఎత్తి తీస్తే చక్రాల అంకెలు తప్పుగా కనబడతాయి. మీటరు సీరియల్ నంబరు కూడా అదే ఫోటోలో పడాలి, లేకపోతే "ఇది పక్క వాటా మీటరు" అనొచ్చు. చివర ఎర్ర గడిలో ఉండే అంకె యూనిట్ కాదు, యూనిట్‌లో పదో వంతు. దాన్ని కలిపి చదివితే లెక్క పదింతలవుతుంది. డిజిటల్ మీటరైతే తెర మీద వోల్టేజీ, ఇంకేవేవో వరసగా మారుతుంటాయి, పక్కన kWh అని వచ్చేదాకా ఆగాలి. తీశాక అక్కడే నిలబడి అంకె పైకి చదివి, ఫోటోతో పాటు దాన్ని టైపు చేసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోవాలి. మెయిన్ మీటరు రీడింగు తీసే రోజే ఇదీ చేస్తే రెండు లెక్కలూ ఒకే తేదీకి కుదురుతాయి.

ఇంత చేసినా ఫోటో చెప్పేది మీటరు ఎంత చూపిస్తోందన్నదే. అది సరిగ్గా తిరుగుతోందా అన్నది వేరే ప్రశ్న. మీటరు మీద 3200 imp/kWh అని ఉంటే, ఒక యూనిట్‌కి ఎర్ర లైటు 3200 సార్లు మిణుక్కుమంటుందని అర్థం. ఇంట్లో అన్నీ ఆపేసి, బకెట్ నీళ్లలో 1500 వాట్ల హీటర్ రాడ్ ఒక్కటే వేస్తే నిమిషానికి 80 సార్ల దగ్గర్లో వెలగాలి. వోల్టేజీని బట్టి పది అటూ ఇటూ అయితే పట్టించుకోనక్కర్లేదు. 120 వస్తే మీటరు మార్చాల్సిందే.

వీళ్లూ ఆ రాత్రి ఆ పరీక్ష చేశారు. రాడ్ పెట్టేముందు పై వాటా మెయిన్ స్విచ్చి పూర్తిగా ఆపేశారు. అయినా ఎర్ర లైటు ఆగి ఆగి మిణుక్కుమంటూనే ఉంది. పెద్దాయన మెట్లెక్కుతూ ఒక్కో స్విచ్చీ ఆపుకుంటూ పోయాడు. డాబా మెట్ల మీద బల్బు ఆరగానే మీటరు మీద లైటూ ఆగింది. వైరింగు చేసినప్పుడు ఎవరో ఆ బల్బుని పై వాటా లైనులోనే కలిపేశారు, రెండేళ్లుగా రాత్రంతా వెలుగుతూనే ఉంది.

"ఈ నెల 146లోంచి ఎంత తీసేయమంటావు బాబూ?" అన్నాడాయన.