తేదీ ముందుంటే తిప్పలే

ఊరూరా పెట్టిన మీటర్ల నుంచి రీడింగులు సెకనుకు 6,000 చిన్న ఫైళ్లుగా వచ్చి అమెజాన్ ఎస్3లో చేరుతున్నాయనుకుందాం. రోజంతా సాఫీగానే సాగుతుంది. తెల్లవారుజామున 5:30 కాగానే `503 Slow Down` అనే ఎర్రర్లు వరస కడతాయి, మధ్యాహ్నానికి తగ్గిపోతాయి. మర్నాడు మళ్లీ అదే సమయానికి అదే గోల.

ఆ సమయంలోనే గుట్టుంది. ఫైళ్ల పేర్లు `readings/2025-03-14/...` అంటూ తేదీతో మొదలవుతాయి. సర్వర్ గడియారం యూటీసీలో నడుస్తుంది కాబట్టి మన 5:30కి అక్కడ తేదీ మారుతుంది. ఎస్3 ఫైళ్లను పేర్ల అక్షరక్రమంలో అమర్చి, ఆ క్రమాన్ని ముక్కలు చేసి పనిని పంచుతుంది. ఒక్కో ముక్క సెకనుకు కనీసం 3,500 రాతలు, 5,500 చదువులు మోస్తుంది. ఒత్తిడి ఆగకుండా ఉంటే ముక్కను తనంతట తానే విడగొడుతుంది, కానీ అందుకు కొంత సమయం పడుతుంది. నిన్నటి తేదీకి విడగొట్టిన ముక్కలు ఈరోజు ఎందుకూ కొరగావు. కొత్త తేదీ కింద అంతా మొదటికొస్తుంది.

అందుకే తేదీకి ముందు, మీటరు నంబరును హాష్ చేయగా వచ్చే ఒక అక్షరాన్ని పెట్టాలి:

```
readings/a/2025-03-15/meter-48213.json
```

0 నుంచి f దాకా పదహారు దారులు ఏర్పడతాయి. ఒక్కోదానికి వచ్చేది సెకనుకు దాదాపు 375 రాతలే. ముక్కలు ఒకసారి విడిపోతే తేదీ మారినా ఆ విభజన పనికొస్తూనే ఉంటుంది. అదే అక్షరాన్ని తేదీ తర్వాత పెడితే ఈ లాభం దక్కదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఒక రోజు ఫైళ్ల జాబితా కావాలంటే పదహారు చోట్లా వెతకాలి, ఆ ఖర్చు తప్పదు. మొదటి రోజే పూర్తి వేగంతో దిగినా ఎర్రర్లు వస్తాయి, వేగాన్ని మెల్లగా పెంచుకుంటూ పోవాలి.

ఇక మళ్లీ ప్రయత్నించే తీరు. 6,000లో 2,500 తిరిగొచ్చాయనుకోండి. అవన్నీ వెంటనే మళ్లీ బయల్దేరితే తర్వాతి సెకనులో 8,500 అవుతాయి. అందరూ సరిగ్గా ఒక సెకను ఆగినా లాభం లేదు, గుంపుగానే వస్తారు. మొదటిసారి ఒక సెకను లోపు, తర్వాత రెండు లోపు, ఆపై నాలుగు లోపు, ఎవరికి వారు యాదృచ్ఛికంగా ఆగాలి. పైథాన్ లైబ్రరీకి ఈ పని తెలుసు, అడగాలంతే:

```python
Config(retries={"mode": "adaptive",
                "total_max_attempts": 6})
```

`adaptive` ఎర్రర్లు కనిపించగానే పంపే వేగాన్నే తగ్గిస్తుంది. దీని మీద మన కోడ్‌లో ఇంకో మూడుసార్ల లూప్ పెడితే ఒక్కో ఫైలుకు ప్రయత్నాలు పద్దెనిమిదికి చేరతాయి. ఆ లూప్ తీసేయండి. ఇదంతా కాసేపటి రద్దీకి మాత్రమే. రోజూ గంటల తరబడి ఎర్రర్లు వస్తుంటే ఎంత ఓపిగ్గా ఆగినా క్యూ పెరుగుతూనే ఉంటుంది, అప్పుడు మార్చాల్సింది ఫైళ్ల పేర్లనే.